సంపు నిండడానికి ఎన్ని గంటలు?

మా కొండాపూర్‌లో ఇల్లు చూడటానికి వచ్చేవాళ్ళు మొదట అడిగే ప్రశ్న "మంజీరా వాటర్ ఉందా?" అనే. ఉందనగానే సగం మనసు కుదుటపడుతుంది. ఎన్ని గంటలు వస్తుంది, నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తుంది, కింద ఉన్న సంపు నిజంగా ఎంత పడుతుంది అని మాత్రం ఎవరూ అడగరు. నేనూ అడగలేదు లెండి. ఎనిమిదేళ్ళుగా ఈ బిల్డింగులో ఉంటున్నా, సంపు మూత తీసి లోపలికి చూసింది మొన్నటి ఎండాకాలమే. అదీ ఒక మనిషి ఉద్యోగం పోయేట్టు ఉండబట్టి.

మాది బొటానికల్ గార్డెన్ వెనక సందులో ఎనిమిది ఫ్లాట్ల చిన్న అపార్ట్‌మెంట్. మునిసిపల్ నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, పొద్దున్న అయిదున్నర నుంచి ఏడున్నర దాకా. మిగతాదంతా బోరు. ఫిబ్రవరి వెళ్ళేసరికి బోరు దగ్గడం మొదలుపెడుతుంది, మార్చికి ట్యాంకర్లు. సైబర్ టవర్స్ చుట్టుపక్కల కాపురముండే వాళ్ళందరికీ ఈ క్యాలెండర్ తెలిసిందే.

మార్చి మొదటి వారంలో మా సెక్రటరీ గారు మీటింగు పెట్టి ఒక లెక్క చదివారు. ఆయన సాఫ్ట్‌వేర్‌లో పెద్ద హోదాలో ఉన్నారు, లెక్క పద్ధతిగానే వేశారు. బిల్డింగు ప్లాన్‌లో సంపు కొలతలు 12 అడుగులు, 9 అడుగులు, లోతు 7 అడుగులు. అంటే 756 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28.3 లీటర్లు. మొత్తం 21,400 లీటర్ల దాకా. లోపలికొచ్చే పైపు అంగుళం పైపు. పంపుల కంపెనీ పట్టికలో అంగుళం పైపుకి నిమిషానికి 100 లీటర్లు అని ఉంది. రెండు గంటలు నీళ్ళొస్తే 12,000 లీటర్లు, అంటే సగం సంపు పైగా నిండాలి. కానీ నీళ్ళొచ్చిన రోజు కూడా మట్టం అడుగు కూడా లేవడం లేదు. పదకొండు అంగుళాలంటే ఆయన లెక్కలో 2,800 లీటర్లు, అంటే ఇరవై ఎనిమిది నిమిషాల నీళ్ళు. "రెండు గంటలు నీళ్ళొస్తుంటే వాల్వు తెరిచి ఉంటున్నది అరగంటే. మిగతా గంటన్నర వాచ్‌మన్ ఎక్కడున్నట్టు?" అన్నారు.

ఎక్కడున్నట్టో ఇంకొకరు అందించారు. నిద్రపోతున్నాడట. లేదంటే పక్కనున్న హాస్టల్‌కి పైపు వేసి నీళ్ళు అమ్ముకుంటున్నాడట. నెలాఖరుకి మార్చేద్దాం అన్నారు. అందరూ తలలూపారు, ఎండాకాలం నీళ్ళ మాటొస్తే ఎవరికైనా చిరాకే కదా.

వాచ్‌మన్‌ది పాలమూరు వైపు. భార్య మూడిళ్ళలో పనిచేస్తుంది, మా ఇంట్లో కూడా. కూతురు పదో తరగతి, ఆ నెలలోనే పరీక్షలు. మర్నాడు అంట్లు తోముతూ ఆవిడ ఏమీ మాట్లాడలేదు. అతనే మెట్ల దగ్గర ఆపి, "అమ్మా, వాల్వు నేను అయిదున్నరకే తిప్పుతున్న. నీళ్ళే సక్కగ వస్తలేవు. గాలి కొట్టుకుంట వస్తయి, నేనేం జెయ్యాలె?" అన్నాడు. పిల్ల పరీక్షలయ్యేదాకా అయినా ఉండనియ్యమని సారుకి చెప్పమన్నాడు.

జాలితో చెబితే ఎవరూ వినరని నాకు తెలుసు. ఆయన లెక్కతో అన్నారు కాబట్టి లెక్కతోనే చెప్పాలి. పైగా ఆ లెక్కలో గుణించడం, భాగించడం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తేడా ఉంటే లోపలేసిన రెండు అంకెల్లోనే ఉండాలి: ఒకటి సంపు ఎంత, రెండోది పైపు ఎంత ఇస్తోంది.

మొదటిది తేలడానికి కాస్త అదృష్టం కలిసొచ్చింది. ఆ వారమే సంపు కడిగించే రోజు. కడిగే కుర్రాళ్ళు దిగినప్పుడు టేపు ఇచ్చి లోపలి గోడ నుంచి లోపలి గోడకి కొలవమన్నాను. (మీరు మాత్రం ఇలాంటి ఉత్సాహంతో సంపులోకి దిగకండి, ఇంట్లో ఎవర్నీ దింపకండి. మూసి ఉంచిన సంపులో గాలి సరిగా ఉండదు. కొలతలన్నీ పై నుంచి కర్రతో తీసుకోవచ్చు, ఎలాగో కింద చెప్తాను.) లోపల పొడవు పదిన్నర అడుగులు, వెడల్పు ఏడున్నర. ప్లాన్‌లో ఉన్నది బయటి కొలత! గోడ తొమ్మిది అంగుళాల మందం, అటొకటి ఇటొకటి, పొడవులో అడుగున్నర, వెడల్పులో అడుగున్నర గోడలకే పోయింది. లోతులో కూడా అడుగున కాంక్రీటు అరడుగు, పైన స్లాబు అరడుగు. మిగిలింది ఆరడుగులు.

ఆ ఆరడుగులు కూడా మనవి కావు. నీళ్ళొచ్చే పైపూ, పొర్లిపోయే పైపూ అయిదున్నర అడుగుల ఎత్తులో ఉన్నాయి. అంతకుమించి నీళ్ళు నిలవవు. అడుగున మోటారు పైపుకి ఉండే ఫుట్‌వాల్వు నేల నుంచి అరడుగు ఎత్తులో ఉంది. దాని కింద నీళ్ళని మోటారు లాగలేదు, లాగకూడదు కూడా, అక్కడుండేది మట్టే. అంటే వాడుకోగలిగిన లోతు సరిగ్గా అయిదడుగులు.

మా చిన్నది ఎనిమిదో తరగతి. దాని పుస్తకంలో 'క్యూబాయిడ్' అని ఉంది. మా తెలుగు మీడియంలో దీర్ఘఘనం అనేవాళ్ళం. పేరేదైనా పొడవు, వెడల్పు, ఎత్తు గుణించడమే. పదిన్నరని ఏడున్నరతో గుణిస్తే 78.75 చదరపు అడుగులు. దాన్ని 28.3తో గుణిస్తే ఒక్క అడుగు ఎత్తు నీళ్ళు సుమారు 2,230 లీటర్లు. పన్నెండుతో భాగిస్తే అంగుళానికి 186 లీటర్లు.

ఈ 186 అన్న అంకె దొరికాక నాకు చీకట్లో దీపం దొరికినట్టయింది. సంపు మొత్తం గురించి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, అంగుళాలు లెక్కపెడితే చాలు. వాడుకోగలిగిన అరవై అంగుళాలకి 11,160 లీటర్లు. ఇరవై ఒక్క వేల సంపు అని అందరం అనుకుంటున్నది అందులో సగం పైచిలుకు!

మీ సంపు లోపల కొలవడం కుదరకపోతే ఇంకో దారి ఉంది. ట్యాంకర్ వచ్చిన రోజు మోటారు ఆపేసి, పోయించకముందు కర్రతో ఒకసారి, పోశాక ఒకసారి మట్టం చూడండి. మాకు 5,000 లీటర్ల ట్యాంకర్‌కి లెక్కప్రకారం 27 అంగుళాలు లేవాలి. ఆ తర్వాత వచ్చిన ట్యాంకర్‌కి ఇరవై ఆరున్నర లేచింది. డెబ్భై లీటర్ల తేడా ట్యాంకర్ అడుగున మిగిలిందో, మొదటే తక్కువ పట్టాడో నేను తగువు పెట్టుకోలేదు. అంగుళానికి 186 అన్నది నిజమేనని రూఢి అయింది, అదే కావలసింది. ఒకవేళ ఇరవై రెండు అంగుళాలే లేస్తే మాత్రం ట్యాంకర్ అబ్బాయిని ఆపి అడగాల్సిందే.

ఇక రెండో అంకె, పైపు ఎంత ఇస్తోంది. పైపు అంగుళం అయినంత మాత్రాన నిమిషానికి వంద లీటర్లు రావు. ఆ పట్టికలో అంకె పంపు పెట్టి నెట్టినప్పటిది. మనకి వచ్చేది లైనులో ఉన్న ఒత్తిడి మీద ఆధారపడుతుంది. సందులో మొదటి ఇంటికి ఉన్నంత ఒత్తిడి చివరి ఇంటికి ఉండదు. మాది చివరి నుంచి రెండోది. పైగా మా గేటు దగ్గర కనిపించేది అంగుళం పైపే అయినా, రోడ్డు కింద పెద్ద లైనుకి దాన్ని కలిపిన ఫెర్రూల్ అర అంగుళం అని ప్లంబర్ చెప్పాడు. వెడల్పు సగమైతే నీళ్ళు పోయే దారి సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. ఇడ్లీ రేకు మీద గుంట వ్యాసం సగమైతే ఎంత పిండి పడుతుందో ఆలోచించండి. ఆ సన్నటి మెడ దాటాక పైపు ఎంత లావున్నా ప్రయోజనం లేదు.

కాబట్టి కొలవాల్సిందే. నీళ్ళొచ్చే రోజు ముందు రాత్రి పై ట్యాంకు నింపించేసి, పొద్దున్న ఎనిమిది దాకా మోటారు వేయొద్దని వాచ్‌మన్‌కి చెప్పాను. ఇది ముఖ్యం. కింద నీళ్ళు వస్తుండగా పైకి తోడేస్తుంటే మట్టం ఎంత లేచిందో చూసి లాభం లేదు. మా మోటారు లాగే వేగం ముందు వచ్చే ధార దిగదుడుపు, మట్టం లేవడం పోయి దిగుతుంది కూడా.

అయిదుంపావుకి ఫ్లాస్కులో కాఫీ పోసుకుని కిందికి దిగాను. మా ఆయన బాల్కనీలోంచి చూసి, "ఆఫీసుకా?" అన్నారు. చేతిలో ఏడడుగుల వెదురు కర్ర, మా చిన్నది స్కెచ్ పెన్నుతో అంగుళాలు గీసి పెట్టింది. వాచ్‌మన్ అయిదున్నరకి నా ఎదురుగానే వాల్వు తిప్పాడు. మొదటి ఇరవై నిమిషాలు బుస్సుమంటూ గాలి, మధ్యలో ఉమ్మినట్టు కాసిని నీళ్ళు. అయిదూ యాభైకి ధార కుదురుకుంది. అప్పుడు కర్ర దించితే 14 అంగుళాల దాకా తడి.

ఆరూ ఇరవైకి పద్దెనిమిదిన్నర. అరగంటలో నాలుగున్నర అంగుళాలు, అంటే 837 లీటర్లు, నిమిషానికి ఇరవై ఎనిమిది. అప్పటికి సందంతా నిద్ర లేచింది. ఒక్కో ఇంట్లోంచి మోటార్ల చప్పుడు మొదలైంది. లైనుకి నేరుగా మోటారు బిగించి లాగడం నిబంధనలకి విరుద్ధం, అయినా ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో మా సందులో అందరికీ తెలుసు. తర్వాతి అరగంటలో మూడుంపావు అంగుళాలే లేచింది, నిమిషానికి ఇరవై లీటర్లు. ఆ తర్వాతి అరగంటకి మూడు అంగుళాలు, ఏడూ ఇరవై దాటాక సన్నటి ధార, ఆఖరి పది నిమిషాల్లో పావు అంగుళం. ఏడున్నరకి ఆగిపోయింది. కర్ర మీద 25 అంగుళాలు.

మొత్తం పదకొండు అంగుళాలు! సెక్రటరీ గారు చెప్పిన అంకే. వాల్వు మాత్రం రెండు గంటలూ తెరిచే ఉంది, నేను అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

పదకొండుని 186తో గుణిస్తే 2,046 లీటర్లు. నిజంగా నీళ్ళొచ్చింది నూరు నిమిషాలు. సగటున నిమిషానికి ఇరవైన్నర లీటర్లు. ఇప్పుడు సంపు నిండడానికి ఎన్ని గంటలో చెప్పొచ్చు: 11,160ని 20.5తో భాగిస్తే 544 నిమిషాలు, అంటే తొమ్మిది గంటల పైమాట. మనకి దొరికేది ఒక్కో విడతకి నూరు నిమిషాలు. అంటే సంపు నిండాలంటే అయిదున్నర విడతలు కావాలి. రోజు విడిచి రోజు లెక్కన పదకొండు రోజులు, అదీ ఎనిమిది ఇళ్ళలో ఒక్కరు కూడా ఒక్క చెంబెడు వాడకుండా ఉంటే.

ఒక్క రోజు చూసి చెబితే ఒప్పుకోరేమోనని తర్వాతి విడతకి ఇంకో రెండు విధాల చూశాను. మీటరు తర్వాత మొక్కలకని పెట్టిన కుళాయి కింద ఇరవై లీటర్ల మంచినీళ్ళ క్యాను పెట్టి, సంపు వాల్వు ఒక్క నిమిషం మూయించి, ఫోన్‌లో టైమ్ చూశాను. ఆరూ అయిదుకి 42 సెకన్లలో నిండింది, ఏడింటికి 63 సెకన్లు పట్టింది. అంటే నిమిషానికి ఇరవై ఎనిమిది పైన, పంతొమ్మిది. కర్ర చెప్పిందీ అదే. క్యాను పరీక్ష తేలిక, కానీ ఒక్కసారి చేసి వదిలేస్తే మోసపోతాం. ఆరింటికే చేసి ఆపేసి ఉంటే ఆరున్నర గంటల్లో సంపు నిండుతుందని అనుకునేదాన్ని. ఇక మీటరు. మొదటి రోజు ముందూ వెనకా ఫోటో తీసిపెట్టుకున్నాను, తేడా 2,110 లీటర్లు చూపించింది. కర్ర కంటే అరవై నాలుగు ఎక్కువ. మొదట్లో బుస్సుమన్న గాలికి కూడా మీటరు కాస్త తిరిగి ఉంటుంది.

ఆదివారం మీటింగులో కర్రా, కాగితం, ఫోటోలూ పట్టుకెళ్ళాను. అందరి ముందు తప్పుపట్టినట్టు ఉండకూడదని ముందు రోజు సాయంత్రమే సెక్రటరీ గారింటికి వెళ్ళి చూపించాను. ఆయన కాగితం రెండుసార్లు చదివి, "ప్లాన్‌లో బయటి కొలతా?" అని మాత్రం అడిగారు. తర్వాత తనే చెప్పులేసుకుని కిందికొచ్చి కర్ర దించి చూశారు. మీటింగులో కూడా తనే చెప్పారు, వాచ్‌మన్ విషయం ఇక ఎత్తొద్దని. హాస్టల్‌కి అమ్ముతున్నాడన్నావిడ మాత్రం, "ఏమో, నాకెవరో చెప్పారు" అని ఊరుకున్నారు. ఎవరు చెప్పారో ఎవరూ అడగలేదు. నాకు అడగాలనిపించింది, మా ఆయన మోచేత్తో పొడిచారు.

లెక్క తేలాక అసలు పని మొదలైంది. అయిదూ యాభైకి, ఇంకా ఎవరి మోటార్లూ మొదలుకానప్పుడు కూడా ఇరవై ఎనిమిదే ఎందుకొస్తోందని ప్లంబర్‌ని అడిగితే మీటరు ముందున్న జాలీ విప్పి చూపించాడు. తుప్పు రేకులు, ఇసుక, సగం మూసుకుపోయి ఉంది. పది నిమిషాల పని. ఆ తర్వాతి విడతలో కర్ర మీద 14 అంగుళాలు లేచింది. 2,600 లీటర్లు, నిమిషానికి సగటున ఇరవై ఆరు. సంపు నిండే కాలం తొమ్మిది గంటల నుంచి ఏడు గంటల చిల్లరకి దిగింది. ఫెర్రూల్ పెద్దది చేయించాలంటే నీటి బోర్డుకి దరఖాస్తు పెట్టి డబ్బు కట్టాలి, అది ఇంకా నడుస్తోంది.

అలాగని ఇబ్బంది తీరిపోయిందనుకోకండి. మనిషికి రోజుకి 135 లీటర్లని ప్రభుత్వం వాళ్ళ కొలమానం. ఎనిమిది ఇళ్ళు, ముప్ఫై ఇద్దరం, రోజుకి 4,320 లీటర్లు. రెండు రోజులకి 8,640. మునిసిపల్ నీళ్ళు 2,600 పోగా ఇంకా ఆరు వేలు కావాలి. బోరు దగ్గుతూ ఓ వెయ్యి ఇస్తుంది, మిగతాది ఒక చిన్న ట్యాంకర్. ఇది ముందే తెలిసింది కాబట్టి నీళ్ళు అయిపోయాక ట్యాంకర్ కోసం ఫోన్లు పట్టుకుని కూర్చోవడం తప్పింది. పెద్ద ట్యాంకర్ కూడా మానేశాం. 10,000 లీటర్లకి సంపులో 54 అంగుళాల చోటు ఖాళీ ఉండాలి, అంటే మట్టం 12 అంగుళాలకి దిగాలి. ఇన్నాళ్ళూ 'సగం ఉంది కదా, సగం పడుతుంది' అని పెద్దది తెప్పించి, డబ్బిచ్చిన నీళ్ళు రోడ్డు మీదికి పొర్లిస్తున్నాం. చిన్నదానికి 27 అంగుళాలు ఖాళీ ఉంటే చాలు.

మీరు కూడా లెక్క వేస్తే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. నీళ్ళొచ్చే పైపుకి బంతి వాల్వు ఉంటే, సంపు దాదాపు నిండాక ఆ బంతి పైకి లేస్తూ ధారని తగ్గించేస్తుంది. ఆఖరి మూడు నాలుగు అంగుళాలు మామూలు కంటే చాలా నెమ్మదిగా నిండుతాయి. అక్కడ కొలిచి పైపు పాడైందని ప్లంబర్‌ని పిలవకండి. మట్టం సగానికి కింద ఉన్నప్పుడే కొలవండి.

వెదురు కర్ర ఇప్పుడు మీటరు పక్కన మేకుకి వేలాడుతోంది. స్కెచ్ పెన్ను గీతలు రెండు వారాలకే చెరిగిపోతే వాచ్‌మన్ కూతురు ఎర్ర పెయింటుతో మళ్ళీ గీసింది, పరీక్షలు అయిపోయాక. పక్కన ఒక పాత నోటుబుక్కు. నీళ్ళొచ్చిన రోజు ముందు అంగుళాలు, తర్వాత అంగుళాలు దాన్లో రాస్తున్నారు. నిన్నటి అంకె పదమూడున్నర. జాలీ మళ్ళీ విప్పించే రోజు దగ్గర పడినట్టుంది.